యాన్యువల్ డేకి బయల్దేరే ముందు

పాస్ చేతికి రాగానే వెనక్కి తిప్పి చూడండి. పిల్ల పేరు, క్లాసు, సెక్షన్, గేటు నంబరు సరిగ్గా ఉన్నాయా? తప్పుంటే ఆ రోజే క్లాస్ టీచర్‌తో మార్పించండి. ఫంక్షన్ సాయంత్రం గేటు దగ్గర ఎవరూ వినరు.

ఇద్దరు పిల్లలుంటే అసలు చిక్కు ఇక్కడే. పోయినేడు మా పాపది రెండో తరగతి, బాబుది ఏడు. ఒక్కొక్కరికి రెండేసి పాస్‌లు. నాలుగున్నాయి కదా అని కావలి నుంచి అమ్మమ్మనీ తాతయ్యనీ నెల్లూరు పిలిపించాం. తీరా చూస్తే రెండో తరగతి కుర్చీలు స్టేజీ ముందు, ఏడోది షామియానా చివర! పెద్దవాళ్లిద్దరినీ వెనక కూర్చోబెట్టాం. పాప డాన్సు వాళ్లకి కనపడనేలేదు. ఈసారి ప్రోగ్రాం వరస ముందే కనుక్కుని, ఎవరి డాన్సు ఎవరు చూడాలో ఇంట్లోనే తేల్చుకున్నాం.

చంటిబిడ్డకి పాస్ కావాలా అని కూడా అడగండి.

లోపలికెళ్లాక చింపిచ్చిన ముక్కని పారేయకండి. మా స్కూల్లో మేకప్ గది నుంచి పిల్లల్ని పంపేది అది చూపిస్తేనే. మా ఆయన దాంట్లో పల్లీలు పొట్లం కట్టించుకున్నాడు.