మందకొడి ఏడాదికి ముందు హారం సరిచూసుకోండి

ఆర్డర్లు తగ్గే సూచనలుంటే, బడ్జెట్ వేసే ముందు స్థిర ఓవర్‌హెడ్‌ను, అంటే ఉత్పత్తి ఎంతైనా మారని ఖర్చును, యూనిట్లకు పంచడానికి ఏ అంకెతో భాగిస్తున్నారో ఒకసారి చూడండి. ఆ హారానికి సాధారణంగా రెండు దారులు. తప్పనిసరి మరమ్మతులు, సెలవులు, సెటప్ సమయం పోను ఫ్యాక్టరీ తయారు చేయగలిగింది ఆచరణ సామర్థ్యం. గిరాకీ హెచ్చుతగ్గులన్నీ కలుపుకొని కొన్నేళ్ల సగటున తయారు చేసేది సాధారణ సామర్థ్యం.

ఒక ఫ్యాక్టరీకి ఏటా స్థిర ఓవర్‌హెడ్ 36 లక్షలు, ఉత్పత్తితో పాటే పెరిగే చర వ్యయం యూనిట్‌కు 140 అనుకుందాం. ఆచరణ సామర్థ్యం 60,000 యూనిట్లయితే ఓవర్‌హెడ్ రేటు 60, యూనిట్ వ్యయం 200. సాధారణ సామర్థ్యం 48,000 అయితే రేటు 75, వ్యయం 215. ఖర్చు పైసా పెరగలేదు, మారింది హారమే. 48,000 యూనిట్లు తయారైన ఏడాది మొదటి పద్ధతిలో వాడకుండా మిగిలిన 12,000 యూనిట్ల సామర్థ్యం ఖర్చు, అంటే 7.2 లక్షలు, ఖాళీ సామర్థ్యం పేరుతో విడిగా కనిపిస్తుంది. రెండో పద్ధతిలో అదే మొత్తం చడీచప్పుడు లేకుండా ప్రతి యూనిట్‌లోకీ చేరిపోతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. ఈ ఏడాది 40,000 యూనిట్లే అమ్ముడవుతాయని హారాన్ని అక్కడికి దించితే రేటు 90, వ్యయం 230 అవుతుంది. దాన్ని నమ్మి ధర పెంచితే ఇంకొందరు కొనుగోలుదారులు జారిపోతారు. వచ్చే ఏడాది హారం మరింత కుంగుతుంది, వ్యయం మళ్లీ పెరుగుతుంది. ఎవరూ కొనని సామర్థ్యం ఖర్చును ఉన్న కొనుగోలుదారుల నెత్తిన రుద్దడం ఇది. అందుకే ధరల చర్చకు ఆచరణ సామర్థ్యం రేటే మేలని నా అభిప్రాయం. అలాగని 200ను కనిష్ఠ ధరగా పట్టుకోకండి. యంత్రాలు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే విడి ఆర్డర్‌కు, అదనపు స్థిర ఖర్చేమీ లేకపోతే, 140కి పైన వచ్చేదంతా మిగులే.

ఆ 60,000 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగండి. యంత్రం మీద రాసి ఉన్న గరిష్ఠ వేగాన్ని గంటలతో గుణించేసి ఉంటే, లేని సామర్థ్యాన్ని ఖాళీగా లెక్కిస్తున్నట్టే. అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే యంత్రాన్ని బట్టే లెక్క కట్టాలి.

ఏడాది చివర అమ్ముడవకుండా మిగిలిన ముగింపు నిల్వ విలువ దగ్గర మాత్రం మన ఇష్టం చెల్లదు. నిల్వల లెక్కకు ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 సాధారణ సామర్థ్యాన్నే ఆధారం చేసుకోమంటుంది. లోపలి లెక్కలు 60తో నడిపి, 5,000 యూనిట్ల నిల్వను అదే రేటుతో వదిలేస్తే నిల్వ, లాభం రెండూ 75,000 తక్కువగా కనిపిస్తాయి. ఏడాది చివర సవరణ తప్పదు. ఉత్పత్తి 42,000కు పడిపోయినా నిల్వకు రేటు 75 దాటకూడదు, మిగిలిన 4.5 లక్షలను ఆ ఏడాది ఖర్చుగానే రాయాలి. ఉత్పత్తి అసాధారణంగా పెరిగితే రేటును దించాలి, లేకపోతే నిల్వ అసలు ఖర్చును మించిపోతుంది.