ఐరన్ తగ్గించే మాత్రలు వేస్తున్నా ఫెర్రిటిన్ దిగడం లేదా?

సమస్య: థలసేమియా ఉన్న బిడ్డకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నారు. ఐరన్‌ను బయటికి పంపే డెఫెరాసిరాక్స్ మాత్ర రోజూ వేస్తున్నారు. అయినా ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్ ఆరు నెలలుగా 2,800 దగ్గరే ఉంది.

మొదట చూడాల్సింది బరువు. ప్రొద్దుటూరు నుంచి కడపకు వచ్చి రక్తం ఎక్కించుకునే ఒక పాప ఉందనుకుందాం. 18 కిలోలున్నప్పుడు 500 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అంటే కిలోకు దాదాపు 28. ఇప్పుడు పాప 25 కిలోలు, మాత్ర మాత్రం అదే. కిలోకు 20కి పడిపోయింది.

ఒక యూనిట్ రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. 21 రోజులకు పంచితే రోజుకు దాదాపు తొమ్మిదిన్నర. ఒంటి నుంచి మామూలుగా పోయేది రోజుకు ఒక మిల్లీగ్రామే, మిగిలింది కాలేయంలో, గుండెలో చేరుతుంది. డెఫెరాసిరాక్స్ ఆ ఐరన్‌ను పట్టుకొని మలంతో బయటికి పంపుతుంది. ఈ లెక్కన రక్తం ఎక్కేవాళ్లకు కిలోకు 20 వేస్తే వచ్చినంతా పోతుంది, పాత నిల్వ మాత్రం కదలదు. ఫెర్రిటిన్ అక్కడే నిలవడానికి కారణం అదే.

పరిష్కారం: కిడ్నీ, లివర్ పరీక్షలు బాగుంటే డాక్టరు కిలోకు 30 దాకా, అంటే 750 మిల్లీగ్రాములకు పెంచవచ్చు. ఇది నీళ్లలో కరిగే మాత్ర లెక్క. మింగే ఫిల్మ్ కోటెడ్ మాత్రకు డోసు దాదాపు 30 శాతం తక్కువ, 750 ఉన్న చోట సుమారు 540. షాపులో ఒకటి లేదని రెండోది అదే డోసులో తెచ్చుకోకండి.

డోసు సరిగానే ఉందంటే గ్లాసు చూడండి. కరిగే మాత్రను మింగకూడదు, నమలకూడదు. తిండికి అరగంట ముందు, ఖాళీ కడుపుతో, 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తాగించాలి (డోసు ఒక గ్రాము దాటితే 200). అడుగున తెల్లటి పొడి మిగిలితే మందు అక్కడే ఉన్నట్టు. ఇంకాస్త నీళ్లు పోసి, కలిపి, అదీ తాగించాలి.

మొహం పాలిపోయిందని ఎవరో రాసిచ్చిన ఐరన్ టానిక్ ఇంట్లో ఉంటే ఆపేయండి. ఇక్కడ తక్కువైంది ఐరన్ కాదు.

జ్వరమున్నప్పుడు చేయించిన ఫెర్రిటిన్‌ను నమ్మవద్దు, ఇన్‌ఫెక్షన్‌లో అది దానంతటదే పెరుగుతుంది. డోసు మార్చాక మూడు నెలలు ఆగి, అదే ల్యాబులో చూడండి. గుండెలో ఎంత చేరిందో ఫెర్రిటిన్ చెప్పలేదు, దానికి ఎమ్మారై టీ2స్టార్ కావాలి. అందులో వచ్చే అంకె 20 మిల్లీసెకన్లకన్నా దిగితే గుండెలో ఐరన్ ఉన్నట్టు, 10కన్నా దిగితే ప్రమాదం.

మన ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆరోజు మాత్ర ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ మందు కిడ్నీని దెబ్బతీస్తుంది. క్రియాటినిన్ పరీక్ష నెలనెలా చేయించేది అందుకే.