సైక్లిక్ గ్రూప్ ఆటోమార్ఫిజమ్‌లు: లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేసుకోవాలి

Z₂₀కి ఆటోమార్ఫిజమ్‌లు ఎన్ని అని అడిగితే 20 అని రాసేవాళ్లున్నారు, 19 అనేవాళ్లున్నారు, 7 అనేవాళ్లూ ఉన్నారు. 8 అని సరిగ్గా లెక్కపెట్టి, ఆ ఎనిమిదీ కలిసి Z₈ అవుతాయని చివర్లో తప్పు చేసేవాళ్లు ఇంకా ఎక్కువ. వీటిలో ప్రతి తప్పుకీ వేరే కారణం ఉంది. అందుకే తప్పు జవాబు చూడగానే లెక్క ఎక్కడ పక్కకు వెళ్లిందో చాలావరకు చెప్పేయొచ్చు. ఇక్కడ చివరిదాకా Z₂₀నే పట్టుకుందాం.

Z₂₀ అంటే 0 నుంచి 19 వరకు ఉన్న సంఖ్యలు. రెండిటిని కూడి, 20తో భాగిస్తే వచ్చే శేషం తీసుకుంటాం. U(20) అంటే వాటిలో గుణకారానికి విలోమం ఉన్న సంఖ్యలు, అంటే మాడ్యులో 20 యూనిట్లు. మనకు కావలసిన ఫలితం Aut(Z₂₀) ≅ U(20).

సమస్య: 20 లేదా 19 వచ్చింది

కారణం ఏమిటంటే, హోమోమార్ఫిజమ్‌లను లెక్కపెట్టి అక్కడే ఆగిపోయారు. Z₂₀ మొత్తం 1 నుంచే పుడుతుంది కాబట్టి f(1) ఎంతో తెలిస్తే f అంతా తెలిసినట్టే. f(1) = a అయితే f(x) = ax. దీన్ని fₐ అందాం. ఇక్కడ a స్థానంలో 20 విలువల్లో ఏది పెట్టినా హోమోమార్ఫిజమే వస్తుంది. అన్నీ లెక్కేస్తే 20. "0 పెడితే అన్నీ 0కే పోతాయి, అది కుదరదు" అని ఒక్కదాన్ని తీసేస్తే 19.

కానీ కుదరనిది 0 ఒక్కటే కాదు. a = 4 తీసుకోండి. f₄(5) = 20, అంటే 0. f₄(0) కూడా 0. రెండు వేర్వేరు మూలకాలు ఒకే చోటికి వెళ్లాయి కాబట్టి f₄ అన్వేకం కాదు. దాని విలువలు 0, 4, 8, 12, 16 మాత్రమే, మిగతా పదిహేనింటికి అది చేరదు.

సాధారణంగా a, 20ల గ.సా.భా. d అనుకుందాం. d ఒకటి కంటే పెద్దదైతే 20/d అనే మూలకం సున్నా కాదు, కానీ దాన్ని a తో గుణిస్తే 20 గుణిజం వస్తుంది. అంటే ఆ మూలకం సున్నాకి పోతుంది. d = 1 అయితే అలాంటి చిక్కు లేదు. ax ని 20 భాగిస్తే x నే భాగించాలి, కాబట్టి fₐ అన్వేకం. సెట్ పరిమితం కనుక అన్వేకమైతే చాలు, సంగ్రస్తం కూడా అయిపోతుంది. జవాబు రాసే ముందు చేయాల్సిన పని ఇంతే: ప్రతి a కీ 20తో గ.సా.భా. 1 అవునో కాదో చూడటం. మిగిలేవి 1, 3, 7, 9, 11, 13, 17, 19. మొత్తం 8.

సమస్య: 7 వచ్చింది

ఇది ఇంకో రకం తప్పు. "20తో పరస్పర ప్రధానం" అన్నదాన్ని "ప్రధాన సంఖ్య" అని చదివేసుకున్నారు. 1, 3, 7, 11, 13, 17, 19 రాసి 9ని వదిలేశారు. 9 ప్రధాన సంఖ్య కాదు నిజమే, కానీ 9కీ 20కీ ఉమ్మడి కారణాంకం లేదు, కావలసింది అంతే.

దీన్ని పట్టుకోవడానికి తేలికైన గుర్తు ఒకటుంది. n > 2 అయితే యూనిట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే. a యూనిట్ అయితే n − a కూడా యూనిట్ అవుతుంది, ఆ రెండూ ఎప్పుడూ వేర్వేరు. 1కి జోడు 19, 3కి 17, 7కి 13. 9కి జోడు 11. బేసి సంఖ్య వచ్చిందంటే జోడు లేకుండా మిగిలిపోయింది ఏదో వెతికితే చాలు.

సమస్య: పట్టిక వేస్తే జాబితాలో లేని సంఖ్యలు వస్తున్నాయి

ఎనిమిదింటినీ సరిగ్గా రాశాక గ్రూప్ పట్టిక మొదలుపెడతారు. 3, 7 గళ్ల దగ్గర 10 వస్తుంది. 10 జాబితాలో లేదు. అక్కడ కంగారు మొదలవుతుంది.

Z₂₀లో చేసేది కూడిక కదా అని ఆటోమార్ఫిజమ్‌లనూ కూడేయడం వల్ల ఇలా అవుతుంది. Aut(Z₂₀)లో ఆపరేషన్ ఒక ప్రమేయం తర్వాత ఇంకోటి ప్రయోగించడం:

f₃(f₇(x)) = 3·(7x) = 21x = x

అంటే f₃, f₇ కలిస్తే f₁, అంటే తత్సమ ప్రమేయం. ఒకదానికొకటి విలోమాలు. U(20)లో 3·7 = 21 = 1 అన్న మాటే ఇది. పట్టికలో 3, 7 గళ్ల దగ్గర ఉండాల్సింది 10 కాదు, 1. గ్రూప్‌ని గుణకార రూపంలో రాసేవాళ్లు, అంటే జనరేటర్‌ని g అనేవాళ్లు, ఇక్కడ ఇంకా తేలిగ్గా తప్పుతారు. (g³)⁷ = g²¹ = g రాయాల్సిన చోట g³·g⁷ = g¹⁰ అని రాసేస్తారు.

ఆ 10 ఊరికే వచ్చిన సంఖ్య కాదన్నది కూడా గమనించాలి. f₃(x) + f₇(x) = 10x అన్నది నిజంగానే ఒక హోమోమార్ఫిజం, కాకపోతే ఆటోమార్ఫిజం కాదు. Z₂₀ నుంచి Z₂₀కి ఉన్న ఇరవై హోమోమార్ఫిజమ్‌లకీ రెండు ఆపరేషన్లు ఉంటాయి. విలువలు కూడితే ఒకటి, ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగిస్తే ఇంకోటి. ఈ రెండిటితో అవి ఒక రింగ్ అవుతాయి, అది మాడ్యులో 20 రింగే. ఆ రింగ్‌లో విలోమం ఉన్నవే ఆటోమార్ఫిజమ్‌లు. Aut(Z₂₀), U(20) ఎందుకు ఒకటో అసలు కారణం ఇక్కడుంది. మాడ్యులో 20 యూనిట్ల సంఖ్య φ(20) = 8 అని బట్టీ పట్టడం కంటే ఇది అర్థం చేసుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే చివర్లో చూసే కేసుల్లో φ ఏమీ సాయం చేయదు.

సమస్య: 8 సరిపోయింది, కానీ Z₈ అని రాశారు

అన్నిటిలోకీ మొండి తప్పు ఇదే. "Z₂₀ సైక్లిక్, కాబట్టి దాని ఆటోమార్ఫిజం గ్రూప్ కూడా సైక్లిక్" అనే ఊహ దీనికి మూలం. n = 5, 7, 11 లాంటి వాటితోనే సాధన చేస్తే ఈ ఊహ ఎప్పుడూ బెడిసికొట్టదు, n ప్రధాన సంఖ్య అయితే U(n) సైక్లిక్కే. అందుకే తప్పు చాలాకాలం బయటపడదు.

పరీక్ష చాలా చిన్నది. సరిసంఖ్య ఆర్డర్ ఉన్న సైక్లిక్ గ్రూప్‌లో ఆర్డర్ 2 ఉన్న మూలకం ఒక్కటే ఉంటుంది. U(20)లో వర్గం చేస్తే 1 వచ్చేవి చూడండి: 9² = 81 = 1, 11² = 121 = 1, 19² = 361 = 1. మూడున్నాయి. కాబట్టి ఇది Z₈ కాదు. రెండోది దొరకగానే ఆగిపోవచ్చు.

మరి ఏ గ్రూప్? 20 = 4 × 5 అని విడదీయాలి. ప్రతి యూనిట్‌కీ 4తో భాగిస్తే వచ్చే శేషం, 5తో భాగిస్తే వచ్చే శేషం రాసుకుంటే U(20) ≅ U(4) × U(5) అవుతుంది. U(4)లో 1, 3 రెండే ఉన్నాయి. U(5) సైక్లిక్, దాని ఆర్డర్ 4. ఇప్పుడు రెండు వైపుల నుంచీ ఒక్కో జనరేటర్ తెచ్చుకుందాం. 4తో శేషం 3, 5తో శేషం 1 ఇచ్చేది 11. 4తో శేషం 1, 5తో శేషం 2 ఇచ్చేది 17.

17 ఘాతాలు వరసగా 17, 9, 13, 1. వీటిని 11తో గుణిస్తే 7, 19, 3, 11. ఎనిమిదీ వచ్చేశాయి, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. కాబట్టి Aut(Z₂₀) ≅ Z₄ × Z₂, దాని జనరేటర్లు f₁₇, f₁₁.

n ఎంతైనప్పుడు U(n) సైక్లిక్ అవుతుందో గౌస్ 1801లోనే తేల్చాడు: n అనేది 1, 2, 4, లేదా బేసి ప్రధాన సంఖ్య ఘాతం, లేదా దానికి రెట్టింపు అయినప్పుడు మాత్రమే. 2 ఘాతాలు 8 నుంచి దారి తప్పుతాయి. U(8)లో 1, 3, 5, 7 నాలుగింటి వర్గాలూ 1. φ(n) = 8 అయ్యే n లు 15, 16, 20, 24, 30. ఈ జాబితాలో ఏదీ గౌస్ షరతుకి సరిపోదు. అంటే ఏ పరిమిత సైక్లిక్ గ్రూప్‌కీ ఆటోమార్ఫిజం గ్రూప్ Z₈ కాదు. 24 వస్తే Z₂ × Z₂ × Z₂, మిగతా నాలుగింటికీ Z₄ × Z₂.

సమస్య: జనరేటర్ మారిస్తే a మారిపోతున్నట్టు కనిపిస్తోంది

ఒకరు 1ని జనరేటర్‌గా తీసుకుని f(1) = 7, కాబట్టి a = 7 అన్నారు. ఇంకొకరు 3ని తీసుకుని అదే f కి f(3) = 21 = 1, కాబట్టి a = 1 అన్నారు. రెండో వారు చూసింది విలువని. చూడాల్సింది ఆ విలువ జనరేటర్‌కి ఎన్ని రెట్లు అన్నది. 1 అంటే 3కి ఏడు రెట్లు, ఎందుకంటే 7·3 = 21 = 1. మళ్లీ a = 7.

ఏ జనరేటర్‌తో చూసినా ఇంతే, ఎందుకంటే f(x) = 7x అన్నది అన్ని x లకీ నిజం. Z₂₀లాంటి గ్రూప్‌ని Z₂₀తో పోల్చడానికి ఏదో ఒక జనరేటర్ ఎంచుకోక తప్పదు. దాని ఆటోమార్ఫిజమ్‌లని U(20)తో పోల్చడానికి మాత్రం ఏదీ ఎంచుకోనక్కర్లేదు.

సమస్య: అదే పద్ధతి వేరే గ్రూప్‌కి వాడితే తప్పు వచ్చింది

Z₂ × Z₁₀లో కూడా 20 మూలకాలున్నాయి. కొందరు φ(20) = 8 అంటారు. ఇంకొందరు Aut(Z₂) × Aut(Z₁₀) అనుకుని 1·4 = 4 అంటారు. రెండూ తప్పే. ఈ గ్రూప్ సైక్లిక్ కాదు కాబట్టి మొదటిది చెల్లదు. 2, 10లకి ఉమ్మడి కారణాంకం ఉంది కాబట్టి రెండోదీ చెల్లదు. ఆటోమార్ఫిజమ్‌లని విడివిడిగా లెక్కించాలంటే ముక్కల ఆర్డర్లు పరస్పర ప్రధానం కావాలి. అందుకే దీన్ని (Z₂ × Z₂) × Z₅ అని రాసుకోవాలి. Z₂ × Z₂లో సున్నా కాని మూడు మూలకాలని ఎలా తారుమారు చేసినా ఆటోమార్ఫిజమే, అవి 6. Z₅కి 4. మొత్తం 24. పైగా ఇది కమ్యుటేటివ్ గ్రూప్ కూడా కాదు.

అనంత సైక్లిక్ గ్రూప్ Z కి φ అనే మాటే లేదు, రింగ్ మాట మాత్రం అలాగే పనిచేస్తుంది. f(1) = a అయితే f(x) = ax, కానీ పూర్ణాంకాల్లో గుణకార విలోమం ఉన్నవి 1, −1 మాత్రమే. a = 2 అన్వేకమే అయినా బేసి సంఖ్యలకి చేరదు. సెట్ అనంతం కావడంతో "అన్వేకమైతే చాలు" అన్న పాత వాదన ఇక్కడ పనికిరాదు. ఆటోమార్ఫిజమ్‌లు రెండే.