భాగస్వామికి తోడుగా – 4వ పాఠం: ‘ఏం కాదు’ అన్న మాటను తగ్గించడం

రాత్రి 11 దాటింది. దీపం ఆర్పి పడుకున్న పది నిమిషాలకు అతను ఆమె వేళ్లు పట్టుకుని తన మణికట్టు మీద పెట్టుకుంటాడు. ‘ఒక్కసారి నాడి చూడవూ, గుండె దడదడలాడుతున్నట్టుంది.’ ఆమె గడియారం చూస్తూ లెక్కపెట్టి, ‘82. ఏం లేదు, పడుకోండి’ అంటుంది. అతను ఊపిరి పీల్చుకుని అటు తిరుగుతాడు. పావుగంట గడవక ముందే మళ్లీ చెయ్యి చాపుతాడు.

ఆరు నెలల కిందట అతనికి ఒకసారి గుండె గట్టిగా కొట్టుకుంది. డాక్టర్ పరీక్షించారు. ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇది ఆందోళన అని చెప్పి మానసిక చికిత్సకు పంపారు. చికిత్స నడుస్తూనే ఉంది, ఇంట్లో మాత్రం ఆమె ఒక కొలత పరికరంలా మారిపోయింది. ఈ పాఠమంతా ఈ జంట వెంటే నడుస్తాం.

గత పాఠంలో సలహా చెప్పకుండా వినడం సాధన చేశాం. ఇప్పటిది అంతకంటే కష్టం, ఎందుకంటే మనకు తెలిసిన జవాబునే చెప్పకుండా ఆపుకోవాలి.

ముందుగా, ఆ జవాబు ఎందుకు పనిచేయదో చూద్దాం. నిజానికి అది పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. ‘ఏం లేదు’ అనగానే భయం దిగుతుంది. కానీ ఆందోళన ఎవరూ ఏమీ చేయకపోయినా కాసేపటికి తనంతట తానే తగ్గేదే. మనం అడ్డుపడితే అతని మనసుకు ఆ సంగతి తెలిసే అవకాశం ఉండదు. ‘ఆమె నాడి చూసింది కాబట్టి బతికాను’ అన్న లెక్కే మిగులుతుంది. మళ్లీ గుండె కొట్టుకోగానే చెయ్యి దానంతటదే ఆమె వైపు సాగుతుంది. ఇంట్లోవాళ్లు ఇలా రోగి భయానికి అనుగుణంగా తమ నడత మార్చుకోవడాన్ని చికిత్సకులు ‘కుటుంబ సర్దుబాటు’ అంటారు. దీన్ని మొదట ఎక్కువగా పరిశీలించింది ఓసీడీ ఉన్నవాళ్ల ఇళ్లలో, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనల వల్ల ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసేవాళ్ల ఇళ్లలో. ఆ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ పిల్లల ఆందోళన కోసం ఒక పద్ధతి రూపొందించారు. అందులో చికిత్సకుడు కలిసేది పిల్లవాడిని కాదు, తల్లిదండ్రులను. వాళ్లు మార్చుకోవలసింది తమ నడతనే. మనం ఆ పద్ధతి నుంచి ఒక మెళకువ తీసుకుంటున్నాం. అయితే భాగస్వామి పిల్లవాడు కాదు కాబట్టి, అతని ఒప్పుదల లేకుండా ఇందులో ఏదీ మొదలుపెట్టకూడదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ‘ఏం లేదు’ అన్న మాట అవతలివారి కోసమే అనుకుంటాం. అతని ముఖంలో ఆ కంగారు చూస్తుంటే మనకూ కడుపులో తిప్పుతుంది. జవాబు చెప్పగానే అతనికి ఊరట, మనకూ ఊరట. అంటే ఇద్దరం ఒకే మందుకు అలవాటుపడ్డాం. అందుకే ఈ పాఠంలో అసలు సాధన మీది: అతని భయం పక్కన, దాన్ని చెరిపేయకుండా, కొద్దిసేపు కూర్చోగలగడం.

మొదటి మూడు రోజులు ఏమీ మార్చకండి. లెక్క మాత్రం వేయండి. ఒక చిన్న కాగితం మీద అడిగిన ప్రతిసారీ ఒక గీత గీసి, పక్కన వేళ రాయండి. జవాబు తర్వాత ఊరట ఎంతసేపు నిలిచిందో కూడా రాయండి. మన జంట లెక్కలో మొదటి రోజు 14, రెండో రోజు 17, మూడో రోజు 15 గీతలు పడ్డాయి. ఊరట పగలు సుమారు 40 నిమిషాలు నిలిచింది, రాత్రి 15 నిమిషాలే. ఆమె మరో వరుస కూడా కలిపింది: తను ఎన్నిసార్లు నిద్ర లేచింది. మూడు రాత్రుల్లో 9 సార్లు. ఆ వరుస మీరూ కలపండి. ఇది ఫిర్యాదు కాదు, చికిత్సకుడికి పనికివచ్చే సమాచారం.

తర్వాత మాట్లాడాలి, ఇద్దరి మనసూ నెమ్మదిగా ఉన్న పగటివేళ. భయం ముంచుకొచ్చినప్పుడు ‘ఇక నుంచి నేను చెప్పను’ అనడం ఈత రానివాడిని లోతులో వదిలేసినట్టే. ఆమె కాగితం ముందు పెట్టి ఇలా అంది: ‘నేను నాడి చూసినప్పుడు మీకు కాసేపే తేలిక. తర్వాత మళ్లీ మొదలు. నా మాట మీ భయాన్ని పెంచుతోందేమో అనిపిస్తోంది. దీన్ని ఇద్దరం కలిసి కొంచెం కొంచెంగా తగ్గిద్దామా?’ అతనికి మొదట కోపం వచ్చింది. ‘నేను నీకు విసుగైపోయాను, అంతేగా’ అన్నాడు. ఆమె వాదించలేదు. మర్నాడు అతనే కాగితం తీసుకుని చికిత్సకుడికి చూపించాడు. ఆ ఒక్కరోజు ఆగడమే పనిని నిలబెట్టిందని నా నమ్మకం.

ముగ్గురూ కలిసి కుదుర్చుకున్నది చాలా చిన్నది. పగటిపూట నాడి చూడడం లేదు. ‘బాగానే ఉన్నాను కదా?’ అన్న ప్రశ్నకు ఒకసారి జవాబు ఉంటుంది, అదే గంటలో రెండోసారి ఉండదు. రాత్రి సంగతి అప్పటికి ముట్టుకోలేదు. ఎప్పుడైనా తేలికైన చోట మొదలుపెట్టాలి.

జవాబు స్థానంలో ఏమనాలి? రెండు ముక్కలు చాలు. మొదటిది అతని అనుభవాన్ని గుర్తించేది, రెండోది అతను తట్టుకోగలడన్న నమ్మకం చెప్పేది. ‘ఇప్పుడు చాలా భయంగా ఉందని తెలుస్తోంది. ఇంతకుముందూ ఇలాగే వచ్చింది, మీరు తట్టుకున్నారు. నేను ఇక్కడే ఉన్నాను.’ ఇందులో గుండె గురించి ఒక్క మాటైనా లేదని గమనించండి. ‘మీకు ఏమీ కాదు’ అంటే భవిష్యత్తుకు హామీ ఇచ్చినట్టు. ‘మీరు ఈ భయాన్ని తట్టుకోగలరు’ అంటే మనిషి మీద నమ్మకం. మొదటి ముక్క వదిలేస్తే మాట కటువుగా ఉంటుంది. రెండోది వదిలేస్తే జాలిగా మిగులుతుంది. చెప్పాక ఆ గదిలోనే మీ పని ఏదో చేసుకోండి, అతన్ని తేరిపార చూస్తూ కూర్చోవద్దు.

మొదటి రెండు రోజులు గీతలు 13, 12కు దిగాయి. నాలుగో రోజు 22! ఆమె ఇక మానేద్దామనుకుంది. ఇది ముందే తెలిసి ఉండాలి: ఒక అలవాటుకు దొరికే ఫలితం ఆగిపోతే, అది తగ్గే ముందు ఒక్కోసారి ఉవ్వెత్తున లేస్తుంది. లిఫ్టు రాకపోతే బటన్‌ను పదిసార్లు నొక్కుతాం చూడండి, అలాగన్నమాట. సరిగ్గా ఆ 22వ సారి ఓపిక నశించి నాడి చూస్తే అతని మనసు నేర్చుకునేది ‘ఇరవైసార్లు అడిగితే దొరుకుతుంది’ అని. ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితం ఎప్పుడూ దొరికే ఫలితం కంటే మొండి అలవాటును తయారు చేస్తుంది. జూదం వదలకపోవడానికీ ఇదొక కారణం. అందుకే మీరు నిలబెట్టుకోలేని ఒప్పందం చేసుకోవద్దు. ఎలాగూ లొంగిపోతామనిపిస్తే మొదటిసారే లొంగిపోవడం మేలు. రెండో వారం చివరికి పగటి గీతలు 6కు వచ్చాయి. రాత్రివి అప్పుడు మొదలుపెట్టారు.

ఇంకో దారి తప్పడం కూడా జరిగింది, ఇది పట్టుకోవడం కష్టం. పదో రోజుకు ఆమె చెప్పే ఆ రెండు ముక్కలే అతనికి కొత్త మందు అయ్యాయి. ‘ఆ మాట ఇంకోసారి అనవూ’ అని అడగసాగాడు. మాట పూర్తయ్యేలోపే భుజాలు సడలి, అరగంటకే మళ్లీ అడుగుతున్నాడంటే అది కూడా భరోసాగా మారిందని గుర్తు. అప్పుడు ఆమె మాట మార్చింది: ‘మీకేమనిపిస్తోంది? మన ఒప్పందం ఏమిటి?’ ఒక్కోసారి చిన్న నవ్వుతో తల ఊపేది, అంతే.

ఆ వారాల్లో ఆమె తన కోసం చేసిన పని ఒకటుంది. జవాబు ఆపుకున్నాక వచ్చే పది, పదిహేను నిమిషాలు ఆమెకు చాలా కష్టంగా ఉండేవి. గుండె కొట్టుకునేది, తప్పు చేస్తున్నానేమో అనిపించేది. ఆ సమయంలో పాదాలు నేలకు ఆనించి, ఊపిరి వదిలేటప్పుడు పీల్చినదానికంటే నెమ్మదిగా వదులుతూ, తన కంగారుకు కూడా 0 నుంచి 10 వరకు అంకె వేసుకుంది. 8తో మొదలైనది 20 నిమిషాలకు 4 అయ్యేది. అతనికి తెలియాల్సిన సంగతి ముందు ఆమె శరీరానికే తెలిసిందన్నమాట. రాత్రి సాధన మొదలుపెట్టిన వారంలో రెండు రాత్రులు వేరే గదిలో పడుకుంది, ముందే చెప్పి. దాన్ని స్వార్థమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిద్ర లేని మనిషి గొంతులో విసుగు దాగదు, ఆ విసుగును ఆందోళన ఉన్నవారు అందరికంటే ముందు పసిగడతారు.

ఈ పద్ధతి ఎక్కడ వాడకూడదో కచ్చితంగా తెలిసి ఉండాలి. డాక్టర్ పరీక్షించని లక్షణం మీద వాడకూడదు. ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, అది చెయ్యికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం లాంటివి వస్తే ఒప్పందం పక్కన పెట్టి అత్యవసర సేవలకు ఫోను చేయాలి. మన జంట ఈ జాబితాను డాక్టర్‌తో రాయించుకుని ఇంట్లో పెట్టుకున్నారు. దాంతో ప్రతి దడకూ చర్చ చేయాల్సిన పని తప్పింది.

కుంగుబాటులో సంగతి వేరు. అక్కడ కూడా భరోసా చక్రం ఉంటుంది. జేమ్స్ కోయిన్ అనే మనస్తత్వవేత్త 1976లోనే దీన్ని వర్ణించారు: కుంగినవారు ప్రేమ ఉందా అని అడుగుతారు, దగ్గరివారు ఉందంటారు, ఆ మాట జాలితో అన్నదేమో అని అనుమానించి మళ్లీ అడుగుతారు, చివరికి దగ్గరివారు విసుగుతారు. అప్పుడు అనుమానం నిజమైనట్టే కనిపిస్తుంది. ‘నేనంటే ఇష్టమేనా?’ అన్న ప్రశ్నకు ఒకసారి సూటిగా అవునని చెప్పి, ఆ తర్వాత పక్కన కూర్చోవడం, కలిసి నడవడం వంటి పనులతో చూపడం మంచిది. కానీ ‘నేను మీకు భారం’, ‘నేను లేకపోతే నువ్వు హాయిగా ఉంటావు’ అన్న మాటలు భరోసా కోసం అడిగే ప్రశ్నలు కావు. వాటిని లెక్క కాగితం మీద గీతగా వేయకండి. పని ఆపి, సూటిగా అడగండి: ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులూ పదునైన వస్తువులూ దూరంగా ఉంచండి, చికిత్సకుడికో అత్యవసర సహాయానికో వెంటనే ఫోను చేయండి. ఆ రాత్రి అతన్ని కాపాడే భారం మీ ఒక్కరి మీదే వేసుకోవద్దు.

ఈ వారం సాధన: మూడు రోజుల లెక్క, పగటివేళ ఒక సంభాషణ, అంతే. ఒప్పందం కుదరకపోయినా ఫరవాలేదు, కాగితం దాచుకోండి. మీ భాగస్వామి ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఎంచుకుని దానికి రెండు ముక్కల మాట మీ సొంత భాషలో రాసి, అద్దం ముందు పైకి చదవండి. కటువుగా వినిపిస్తే మొదటి ముక్క, బతిమాలినట్టు వినిపిస్తే రెండో ముక్క తిరగరాయండి. వచ్చే పాఠంలో, మంచం దిగలేని రోజున కలిసి చేసే అతి చిన్న పనిని ఎలా ఎంచుకోవాలో చూద్దాం.