ముక్కు నుంచి రక్తం, మసకబారిన చూపు, తగ్గని తలనొప్పి: రక్తం చిక్కబడిందేమో ఎలా పట్టుకోవాలి

ఒక మనిషికి రెండు నెలలుగా తలనొప్పి. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే అద్దాలు మార్చారు, చూపు మాత్రం తేటపడలేదు. బ్రష్ చేసుకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ఈమధ్య ముక్కు నుంచి కూడా. వీటి కోసం వేర్వేరుగా ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరుగుతాడు. ముగ్గురూ తమ ముందున్న ముక్కను మాత్రమే చూస్తారు. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తే ముందు అడగాల్సింది ఒకటే: ఇతని రక్తం సరిగ్గా పారుతోందా?

రక్తం చిక్కబడటానికి దారులు రెండు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో ప్రొటీన్ విపరీతంగా పెరగడం ఒకటి, రక్తకణాలు విపరీతంగా పెరగడం రెండోది. ఎక్కువగా పొరబడేది మొదటిదాని దగ్గరే కాబట్టి దాని గురించే వివరంగా చెప్తాను. కణాల సంగతి చివర్లో.

ముందు ఒక మాట సరిచేసుకుందాం

"రక్తం చిక్కబడింది" అనగానే చాలామందికి గుర్తొచ్చేది బ్లడ్ థిన్నర్. ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటి మందులు రక్తాన్ని పలచన చేయవు, గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి, అంతే. ప్రొటీన్ వల్ల చిక్కబడిన రక్తం మీద వాటి ప్రభావం సున్నా. పైగా ఆ మనిషికి అప్పటికే రక్తం కారుతోంది. థిన్నర్ ఇస్తే ఆ కారడం ఇంకా పెరుగుతుంది.

సమస్య: ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి, అయినా రక్తం ఆగడం లేదు

ప్లేట్‌లెట్ల సంఖ్య 1,60,000. గడ్డకట్టే పరీక్షలు కూడా నార్మల్‌గానే రావచ్చు. మరి ముక్కు నుంచి రక్తం ఎందుకు వస్తోంది?

కారణం ఆ ప్రొటీనే. వాల్డెన్‌స్ట్రామ్ మాక్రోగ్లోబులినీమియా అనే జబ్బులో ఎముక మూలుగలోని కణాలు ఐజీఎం అనే యాంటీబాడీని అదుపు లేకుండా తయారు చేస్తాయి. స్వీడన్ డాక్టరు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ 1944లో ఈ జబ్బును మొదటిసారి వివరించినప్పుడు, ఆయన రోగులకు కూడా ముక్కు నుంచి, నోటి నుంచి రక్తం కారేది. ఐజీఎం మామూలు యాంటీబాడీ కాదు. ఐదు యాంటీబాడీలు ఒక చుట్టుగా అతుక్కున్నంత పెద్దది. అంత పెద్దది కాబట్టి రక్తనాళాల గోడ దాటి పోలేదు, ఎక్కువ భాగం రక్తంలోనే ఉండిపోతుంది. అది ప్లేట్‌లెట్ల మీద పూతలా పరుచుకుంటే అవి ఒకదానికొకటి అంటుకోవు. గడ్డకు వలలా పనిచేసే ఫైబ్రిన్ పోగులు అల్లుకోవడానికి కూడా అది అడ్డం పడుతుంది. ప్లేట్‌లెట్లను ఎంతసేపు లెక్కపెట్టినా ఈ సంగతి బయటపడదు, ఎందుకంటే లోపం వాటి సంఖ్యలో లేదు, పనిలో ఉంది.

మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్‌లోనూ ఇలా జరగవచ్చు, ముఖ్యంగా ఐజీఏ అనే యాంటీబాడీ పెరిగే రకంలో. కానీ ఐజీఎం అంత సులువుగా కాదు.

సమస్య: చూపు మసక, అద్దాలు మార్చినా అంతే

ఇక్కడే అసలు సాక్ష్యం దొరుకుతుంది. కంటిపాపకు చుక్కలు వేసి రెటీనాను చూడాలి. శరీరం లోపలి రక్తనాళాలను కోత లేకుండా నేరుగా చూడగలిగే చోటు అది. రక్తం చిక్కబడితే రెటీనా సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. ధమని సిరను దాటే ప్రతిచోటా సిర నొక్కుకుపోయి, ఆ పక్కా ఈ పక్కా ఉబ్బుతుంది. పొడవాటి బెలూన్‌ను అక్కడక్కడ దారంతో బిగించి కట్టినట్టు ఉంటుంది. మధ్యమధ్య మంట నాలుకల్లా రక్తపు మరకలు, ఇంకా ముదిరితే కంటినరం మొదలు దగ్గర వాపు. సాధారణంగా రెండు కళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. ఒక కంట్లో మాత్రమే సిర మూసుకుపోతే వేరే కారణాలు కూడా వెతకాలి. రెండింట్లోనూ ఒకేసారి అయితే రక్తాన్నే అనుమానించాలి.

తలనొప్పి, తల తిరగడం, చెవుల్లో హోరు, మత్తుగా ఉండటం కూడా ఇదే వరుసలోవి. మెదడు చిన్న నాళాల్లో పారకం మందగించడం వల్ల వస్తాయి. పరిస్థితి ముదిరితే ఫిట్స్, కోమా దాకా పోవచ్చు.

ల్యాబ్ ముందే చెప్పేసిన సంగతులు

అనుమానం రాకముందే ల్యాబ్‌లో కొన్ని ఆనవాళ్లు పడి ఉంటాయి. మచ్చుకు అల్లిన ఒక రోగి కాగితాలు చూద్దాం: 62 ఏళ్ల మనిషి, బరువు 60 కిలోలు. హిమోగ్లోబిన్ 8.2. ఈఎస్ఆర్ 130. మొత్తం ప్రొటీన్ 11.4 గ్రాములు, అందులో ఆల్బుమిన్ 3.1. సోడియం 134.

మొదట తీసివేత చేయండి. 11.4లోంచి 3.1 తీస్తే 8.3. ఇది గ్లోబులిన్. మామూలుగా మూడు గ్రాముల అటూఇటూ ఉండాల్సింది. మొత్తం ప్రొటీన్, ఆల్బుమిన్ రెండూ ప్రతి రిపోర్టులోనూ పక్కపక్కనే ఉంటాయి, వాటి తేడాను మాత్రం ఎవరూ చూడరు. ఈ తేడా నాలుగు దాటితే ఎందుకో తెలుసుకోకుండా వదలకూడదు.

రెండోది, స్లయిడు. మైక్రోస్కోపు కింద ఎర్రకణాలు నాణేల దొంతరల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. టెక్నీషియన్ చెప్పే మాట ఇంకా విలువైనది: "సీరం పిపెట్‌లోకి ఎక్కడం లేదు సార్, మెషీన్ శాంపిల్ ఎర్రర్ చూపిస్తోంది." చాలాసార్లు శాంపిల్ సరిగ్గా తీయలేదని మళ్లీ పంపమంటారు. రెండో శాంపిల్‌కూ అదే వస్తే, తప్పు సూదిది కాదు.

మూడోది సోడియం. ప్రొటీన్ ఎక్కువ చోటు ఆక్రమిస్తే సీరంలో నీటి భాగం తగ్గుతుంది. శాంపిల్‌ను పలచన చేసి కొలిచే మెషీన్లు అప్పుడు సోడియాన్ని తక్కువగా చూపిస్తాయి. అదే రక్తాన్ని పలచన చేయకుండా కొలిచే బ్లడ్ గ్యాస్ మెషీన్‌లో పెడితే 139 వస్తుంది. అంటే సోడియం నిజంగా తగ్గలేదు. ఈ రెండు అంకెల మధ్య తేడా కూడా ఒక ఆనవాలే.

ఇక చిక్కదనం పరీక్ష. సన్నటి గొట్టంలో సీరం జారడానికి నీటికంటే ఎన్ని రెట్ల సమయం పడుతుందో కొలుస్తారు. మామూలుగా సుమారు 1.4 నుంచి 1.8 రెట్లు. సాధారణంగా నాలుగు దాటాక లక్షణాలు మొదలవుతాయి. మన రోగికి 6.4, ఐజీఎం 6,600 మిల్లీగ్రాములు. కానీ ఈ పరీక్ష అన్నిచోట్లా చేయరు, ఫలితం రావడానికి రోజులు పట్టవచ్చు. లక్షణాలు, రెటీనా, ప్రొటీన్ తేడా కలిసి ఒకే మాట చెబుతుంటే కాగితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి. శాంపిల్ మాత్రం చికిత్సకు ముందే తీసి పెట్టుకోవాలి.

అందరూ చేసే తప్పు: హిమోగ్లోబిన్ 8.2 కదా, రక్తం ఎక్కిద్దాం

ఆగండి. ప్రొటీన్ నీటిని లాక్కోవడం వల్ల ప్లాస్మా పెరిగి, హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. పైగా కణాలు తక్కువగా ఉండటమే ఇప్పుడు అతన్ని కాస్త కాపాడుతోంది. చిక్కటి ప్లాస్మాలోకి రెండు యూనిట్ల ఎర్రకణాలు పోస్తే చూపు పోవచ్చు, స్పృహ తప్పవచ్చు. ముందు ప్లాస్మాను పలచన చేయాలి. తర్వాత కూడా అవసరమైతేనే, మెల్లగా రక్తం ఎక్కించాలి. ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు కూడా ఇదే కారణంగా ఇప్పుడు వద్దు. ఒంట్లో నీరు తక్కువగా ఉంటే సెలైన్ ఇవ్వడం మంచిది.

పరిష్కారం: ప్లాస్మా మార్పిడి

మెషీన్ ద్వారా ప్లాస్మాను బయటికి తీసి, కణాలను తిరిగి ఒంట్లోకి పంపి, తీసిన ప్లాస్మా స్థానంలో ఆల్బుమిన్ ద్రావణం ఎక్కిస్తారు. మన రోగికి లెక్క ఇలా: కిలోకు 65 మిల్లీలీటర్ల రక్తం అనుకుంటే 60 కిలోలకు 3,900. అందులో 25 శాతం కణాలు, మిగతా 75 శాతం ప్లాస్మా. అంటే సుమారు 2.9 లీటర్లు. ఒక్కసారికి అంత మారుస్తారు. మధ్యలో పెదాల చుట్టూ జలదరింపు వస్తే రోగి వెంటనే చెప్పాలి. గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ కాల్షియాన్ని పట్టేసుకోవడం వల్ల అది వస్తుంది, కాల్షియం ఇస్తే సర్దుకుంటుంది.

ఒక్క మార్పిడితో ఐజీఎం దాదాపు సగానికి పడుతుంది. మన రోగికి 6,600 నుంచి 3,500కి, చిక్కదనం 3.2కి వచ్చిందనుకుందాం. ఆ రాత్రికే తలనొప్పి తగ్గుతుంది, ముక్కు నుంచి రక్తం ఆగుతుంది. ఇంత త్వరగా ఫలితం రావడానికి కారణం ఉంది. ప్రొటీన్ పెరిగిన కొద్దీ చిక్కదనం మెల్లగా కాదు, పైమెట్టుకు చేరాక ఒక్కసారిగా నిటారుగా పెరుగుతుంది. కాబట్టి పైనుంచి కొంచెం తీసినా చాలా దిగుతుంది. మైలోమాలో పెరిగే మరో యాంటీబాడీ ఐజీజీ సగానికి పైగా రక్తనాళాల బయట ఉంటుంది కాబట్టి, అక్కడ ఒక్క మార్పిడికే ఇంత ఫలితం రాదు.

మెషీన్ లేని చోట, రోగిని పంపేలోగా తాత్కాలికంగా కొంత రక్తం తీసి అంతే సెలైన్ ఎక్కించడం ఒక మార్గం. హిమోగ్లోబిన్ చూసుకుంటూ, అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని.

మార్పిడి జబ్బును తగ్గించదు. ఐజీఎం తయారుచేసే కణాలు అలాగే ఉంటాయి, వారాల్లో మళ్లీ నింపేస్తాయి. అసలు చికిత్స బెండమస్టిన్, రిటుక్సిమాబ్ మందులు, లేదా ఇబ్రూటినిబ్ తరహా మాత్రలు. ఇందులో ఒక మెలిక: రిటుక్సిమాబ్ మొదలుపెట్టాక చాలామందిలో ఐజీఎం తగ్గకముందు కొన్నాళ్లు పెరుగుతుంది. అందుకే ఐజీఎం 4,000 పైన ఉన్నా, లక్షణాలు ఉన్నా ఆ ఒక్క మందును మొదటి సైకిళ్లలో ఆపి, మిగతావి మొదలుపెడతారు.

ప్రొటీన్ మామూలుగానే ఉంటే

అప్పుడు రక్తకణాలను లెక్కపెట్టే సీబీసీ చూడాలి. తెల్లకణాలు లక్ష దాటి, అవి అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో వచ్చే బ్లాస్టులనే పక్వం కాని కణాలైతే ప్రమాదం. అవి పెద్దవి, బిగుసుకుని ఉంటాయి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. తలనొప్పితో పాటు ఆయాసం కనిపిస్తుంది. క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియాలో కణాలు చిన్నవి కాబట్టి, రెండు మూడు లక్షలున్నా మనిషి మామూలుగా తిరుగుతుంటాడు. బ్లాస్టులు పెరిగినప్పుడు కూడా రక్తం ఎక్కించే ముందు అదే జాగ్రత్త. చికిత్స హైడ్రాక్సీయూరియా, అవసరమైతే తెల్లకణాలను మెషీన్‌తో తీయడం, వెంటనే కీమో. మైలాయిడ్ ల్యుకేమియాలోనే ప్రోమైలోసైటిక్ రకంలో మాత్రం మెషీన్‌తో తీయరు, రక్తస్రావం ఎక్కువవుతుంది. ఎర్రకణాలు పెరిగే పాలిసైథీమియాలో కొంత రక్తం తీసి హిమాటోక్రిట్‌ను, అంటే రక్తంలో ఎర్రకణాల వాటాను, 45 శాతం లోపు ఉంచుతారు. ఆ జబ్బులో చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తారు, అది గడ్డలు కట్టకుండా. పలచన చేయడానికి కాదు.

మళ్లీ వస్తే ముందే తెలియాలంటే

చిక్కదనం ఏ అంకెకు చేరితే లక్షణాలు వస్తాయో మనిషి మనిషికీ మారుతుంది. ఒకరికి నాలుగు దగ్గరే చూపు మసకబారుతుంది, ఇంకొకరు ఆరు దాకా మామూలుగా ఉంటారు. కానీ అదే మనిషికి జబ్బు తిరగబెట్టినప్పుడు దాదాపు అదే అంకె దగ్గర లక్షణాలు మళ్లీ వస్తాయి. అందుకే మొదటిసారి మార్పిడికి ముందు వచ్చిన చిక్కదనం, ఐజీఎం అంకెలను డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తే, తర్వాత చూసే డాక్టరు ఐజీఎం ఆ దరికి రాకముందే రెటీనా చూపించమని పంపగలరు.