జూన్ మీటింగ్‌లో సభ్యుల లెక్క చదివే ముందు

రోటరీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. జూలై 1న, జనవరి 1న జాబితాలో ఉన్న సభ్యుల సంఖ్యను బట్టే క్లబ్‌కు చందా బిల్లు వస్తుంది. అందుకే ఊగిసలాడే పేర్లను చాలా క్లబ్బులు జూన్, డిసెంబర్ నెలాఖరుల్లోనే తీసేస్తాయి. హనుమకొండలోనో కాజీపేటలోనో జూన్ మూడోవారంలో కమిటీ ముందు నిలబడి డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్లు చదివేవాళ్లకు అసలు చిక్కు ఇదే. పది రోజుల్లో ఆ అంకెలు మారిపోతాయి.

స్క్రీన్‌షాట్లన్నీ ఒకే రోజు, ఒకే పూట తీయాలి. తేదీ, ఫిల్టర్ కనిపించే పైభాగాన్ని కత్తిరించొద్దు. 'ఈ సంవత్సరం' అంటే జూలై నుంచి, 'గత 12 నెలలు' అంటే ఇవాళ్టి నుంచి వెనక్కి. ఈ రెండూ కలిస్తే లెక్క కుదరదు. కుదిరిందో లేదో తేల్చడానికి కూడిక చాలు. జూలై 1న 64 మంది, చేరినవాళ్లు 14, మానేసినవాళ్లు 9 అని ఉంటే ఇప్పుడు 69 రావాలి. తెర మీద 67 ఉందంటే మానేసినవాళ్ల స్క్రీన్‌షాట్ పాతదై ఉండొచ్చు, ఆ తర్వాత ఇద్దరు వెళ్లిపోయి ఉంటారు. తాజాగా తీసి చూడండి.

సరిచూస్తే 11 మంది వెళ్లారని తేలిందనుకుందాం. డ్యాష్‌బోర్డు మాత్రం ఆకుపచ్చ బాణంతో '+3' చూపిస్తుంది. దాన్ని మురిపెంగా చదివి కూర్చుంటే కమిటీకి ఏమీ తెలియదు. ఆ 11 మందిలో పాతవాళ్లెందరు, ఈ ఏడే చేరినవాళ్లెందరు అని విడదీయాలి. పాతవాళ్లు 7, కొత్తవాళ్లు 4 అయితే, పాత 64 మందిలో 57 మంది, అంటే 89 శాతం నిలిచారు. కొత్త 14 మందిలో నిలిచింది 10, అంటే 71 శాతమే. 64 లోంచి 11 తీసేసి 83 శాతం అని చెప్పడం తరచూ జరిగే పొరపాటు. వెళ్లిన కొత్తవాళ్లు ఆ 64లో లేనే లేరు.

మాట్లాడేటప్పుడు ఇలా చెప్తే సరిపోతుంది: "ప్రెసిడెంట్ గారూ, ఈ లెక్క జూన్ 20 నాటిది. 64 నుంచి 67 అయ్యాం. కానీ కొత్తగా వచ్చిన 14 మందిలో నలుగురు ఏడాది తిరక్కుండానే వెళ్లారు. నెలాఖరుకు ఈ సంఖ్య ఇంకా మారొచ్చు."

గ్రాఫ్ నిలువు గీత 60 దగ్గర మొదలైతే ముగ్గురి పెరుగుదల కూడా కొండంత కనిపిస్తుంది. ఆ సంగతి నోటితో చెప్పండి. స్క్రీన్‌షాట్లను వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. మసకబారితే ప్రొజెక్టర్ మీద 3, 8 ఒకేలా ఉంటాయి.

"ఎవరెవరు పోయిండ్రు?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న వరుసలను తెర మీదికి రానీయొద్దు. బదిలీ మీద వెళ్లిన రైల్వే ఉద్యోగినీ, చందా కట్టక ఆగిపోయినవారినీ ఒకే గంపలో వేయకుండా, కారణాలవారీగా సంఖ్యలే రాసిన కాగితం చేతిలో ఉంచుకోండి. పేర్లు కావాలంటే సెక్రటరీ దగ్గర మీటింగ్ తర్వాత చూసుకోవచ్చు.