చెక్కు పోతే బ్యాంకుకు రాసే నాలుగు ముక్కలు

వానాకాలం మొదలైతే విత్తనాలు, ఎరువుల షాపుల్లో చెక్కుల రాకపోకలు పెరుగుతాయి. దేవరకొండ నుంచి నల్గొండకు, మిర్యాలగూడ నుంచి హైదరాబాదుకు అవి ఎక్కువగా చొక్కా జేబుల్లోనే పోతాయి. అట్లా పడిపోయిన చెక్కు గురించి మా బావమరిది బ్యాంకుకు రాసిన ఉత్తరం ఫోన్‌లో పంపి, 'బావా, జర చూడరాదూ' అన్నాడు. అది ఇట్లా ఉంది:

'అయ్యా, నిన్న పన్నెండో తారీఖు చెక్కు మా తమ్ముడు బండి మీద నల్గొండకు తీసుకపోతుంటే దారిలో ఎక్కడనో పడిపోయింది. నంబరు 4518. ఎవరికీ పైసలు ఇయ్యకుండా చూడగలరు.'

విషయం అర్థమవుతుంది, కానీ కౌంటర్‌లో కూర్చున్న మనిషి దీన్ని కంప్యూటర్‌లో ఎక్కించలేడు. పన్నెండో తారీఖు చెక్కు పోయిన రోజా, చెక్కు మీద రాసిన తేదీనా? ఏ నెల? అకౌంటు నంబరు ఏది? అన్నింటికంటే ముఖ్యం, చెక్కు నంబరు 4518 కాదు, 004518. చెక్కు నంబరుకు ఆరు అంకెలు ఉంటాయి. ముందున్న సున్నాలు కూడా నంబరులో భాగమే.

నంబరు రాసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. చెక్కు అడుగున ఉండే అంకెల వరుసలో ఎడమ వైపు మొదటి ఆరు అంకెలే చెక్కు నంబరు. పక్కనే వచ్చే తొమ్మిది అంకెలు ఊరు, బ్యాంకు, బ్రాంచిని చెప్పే కోడ్. కంగారులో చాలామంది దాన్నే రాసేస్తారు. చెక్కే పోయింది కదా, ఎక్కడ చూడాలంటే చెక్కుబుక్కులో మనం రాసుకున్న వివరాల పేజీ చూడాలి. అక్కడ రాసుకోకపోతే మిగిలిన ఆకులు చూడాలి. 004517 వాడినట్టు గుర్తుండి, బుక్కులో ఇప్పుడు మొదటి ఆకు 004519 అయితే, పోయింది 004518. అది ఇప్పటికే డబ్బులు డ్రా అయిన చెక్కు కాదని స్టేట్‌మెంట్‌లో ఒకసారి చూసుకోవాలి. ఒకటి కంటే ఎక్కువ పోతే 'ఈ నంబరు నుంచి ఈ నంబరు దాకా' అని రెండు చివరలూ రాయాలి.

తేదీలు మూడు ఉంటాయి: చెక్కు మీది తేదీ, పోయిన తేదీ, ఉత్తరం రాసిన తేదీ. ఏది ఏదో పేరు పెట్టి రాయాలి. నెలను అంకెలో కాక పేరుతో రాస్తే 6-7 అన్నది జూనా, జూలైనా అన్న అనుమానం రాదు. చెక్కు తేదీ ఇంకో పనికీ వస్తుంది: ఆ తేదీ నుంచి మూడు నెలల దాకా చెక్కు చెల్లుతుంది, అంటే మనకు ప్రమాదం ఎంతకాలమో తెలుస్తుంది. సంతకం పెట్టి తేదీ, మొత్తం ఖాళీగా వదిలిన చెక్కయితే ఆ మాటే రాయాలి, ఊహించి నింపకూడదు.

దిద్దాక అది ఇట్లా అయింది:

> తేదీ: 16 జూన్ 2026
> బ్రాంచి మేనేజర్ గారికి,
> విషయం: చెక్కు నంబరు 004518 కు స్టాప్ పేమెంట్
> నా కరెంట్ అకౌంటు నంబరు (పూర్తి నంబరు)కు చెందిన ఈ చెక్కు 15 జూన్ 2026న పోయింది.
> చెక్కు మీది తేదీ: 12 జూన్ 2026
> మొత్తం: రూ.48,500
> ఎవరి పేరున: (షాపు పేరు)
> ఈ చెక్కుకు చెల్లింపు ఆపి, ఆపినట్టు రసీదు ఇవ్వగలరు.
> సంతకం, ఫోన్ నంబరు

తమ్ముడు, బండి, దారి ఎగిరిపోయాయి. అవి బ్యాంకుకు అక్కర్లేదు. సంతకం మాత్రం బ్యాంకులో ఉన్నట్టే ఉండాలి.

అయితే ఉత్తరం బాగుండాలని గంటలు కూర్చోవద్దు. 2025 అక్టోబరు 4 నుంచి పొద్దున వేసిన చెక్కు ఆ రోజే క్లియర్ అయ్యే పద్ధతి వచ్చింది. అందుకే ముందు బ్యాంకు యాప్‌లో గానీ, పాస్‌బుక్ మీదున్న నంబరుకు ఫోన్ చేసి గానీ ఆపించి, తర్వాత కాగితం ఇవ్వాలి. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు చేయొద్దు, అందులో దొంగ నంబర్లు ఉంటాయి. చెక్కు అప్పటికే పాసైపోతే స్టాప్ పేమెంట్ పనిచేయదు. ఈ పనికి బ్యాంకు కొంత చార్జీ, దాని మీద జీఎస్టీ పట్టుకోవచ్చు.

చెక్కు తీసుకున్నవాళ్ల దగ్గర పోతే వాళ్లు మన బ్యాంకుకు రాసినా లాభం లేదు. అకౌంటు మనది, ఆపమనాల్సింది మనమే. ఆపగానే బాకీ తీరిపోదు కాబట్టి ఆ షాపుకు చెప్పి కొత్త చెక్కు ఇవ్వాలి. చెప్పకుండా ఊరుకుంటే, బాకీ ఉండి కావాలనే ఆపారని, చెక్కు బౌన్స్ అయితే పెట్టే 138 సెక్షన్ కేసు దాకా పోవచ్చు.

బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చాక అందులోని ఆరు అంకెలను ఉత్తరంతో పోల్చి చూడండి. ఒక్క అంకె తేడా ఉంటే ఆగిపోయింది వేరే చెక్కు, పోయింది ఇంకా బయటే తిరుగుతున్నట్టు. తర్వాత పాత చెక్కు దొరికినా దాన్ని వాడకుండా అడ్డంగా గీసి చించేయండి.